మిగిలిన బొగ్గులో మూడో వంతు

ఇంగ్లండు నైరుతి కొసన ఉన్న కార్న్‌వాల్‌లో రాగి, తగరం గనులు చాలా ఉండేవి. బొగ్గు మాత్రం లేదు. గని లోతుకు పోయేకొద్దీ నీళ్లు ఊరతాయి, ఆ నీళ్లు తోడితేనే కింద మనిషి పనిచేయగలడు. పద్దెనిమిదో శతాబ్దంలో ఆ పనికి న్యూకామెన్ ఆవిరి యంత్రాలు వాడేవారు. అవి బొగ్గును విపరీతంగా తినేవి, ఆ బొగ్గేమో సౌత్ వేల్స్ నుంచి ఓడల్లో రావాలి. గని యజమానికి ఖర్చుల్లో గుండె గుభేలుమనేది బొగ్గు బిల్లే.

జేమ్స్ వాట్ యంత్రం అంతే నీటిని సగం కంటే తక్కువ బొగ్గుతో తోడేది. దానికి 1769లో పేటెంటు వచ్చింది. 1775లో మాథ్యూ బోల్టన్‌తో భాగస్వామ్యం కుదిరింది, అదే ఏడాది పార్లమెంటు చట్టం చేసి ఆ పేటెంటును 1800 దాకా పొడిగించింది. ఇక్కడి నుంచి వాళ్లు ధర పెట్టిన తీరే మనకు కావలసింది. తొలి రోజుల్లో వాళ్లు యంత్రాన్ని అమ్మలేదు. సిలిండరును గని యజమానే జాన్ విల్కిన్‌సన్ ఫౌండ్రీలో పోతపోయించుకునేవాడు. ఇటుకలు, కలప, కూలీలు అన్నీ అతని ఖర్చే. బోల్టన్-వాట్ ఇచ్చేవి డ్రాయింగులు, కొన్ని కీలకమైన భాగాలు, దగ్గరుండి నిలబెట్టించే మనిషి. ఇవాళ్టి లెక్కన వాళ్లు కన్సల్టెంట్లు. డ్రాయింగు గీయడానికి ఎన్ని గంటలు పట్టిందో లెక్కకట్టి బిల్లు పంపి ఉంటే ఆ కంపెనీ రెండేళ్లలో మూతపడేది. వాళ్లు అడిగింది వేరు: అంతే పనికి పాత యంత్రం ఎంత బొగ్గు తినేదో, కొత్తది ఎంత తింటోందో చూద్దాం, మిగిలిన దాని విలువలో మూడో వంతు మాకు, రెండు వంతులు మీకు.

పనిచేసిన గంటలను వదిలేసి, ఆ పని వల్ల అవతలివాడికి మిగిలేదాన్ని బట్టి ధర పెట్టడాన్ని ఇప్పుడు వేల్యూ బేస్డ్ ప్రైసింగ్ అంటున్నారు. పేరు కొత్తది. అందులోని చిక్కులన్నీ కార్న్‌వాల్‌లో అప్పుడే బయటపడ్డాయి.

మొదటి చిక్కు కొలత. పాత యంత్రం ఎంత తినేదో ముందే తేల్చుకోకపోతే తర్వాత తగాదా తప్పదు. అందుకే పోల్డైస్ గనిలో పనిచేస్తున్న పాత యంత్రాల వాడకాన్ని కొలిచి దాన్నే ప్రమాణంగా పెట్టుకున్నారు. కొత్త యంత్రం ఎన్నిసార్లు పైకీ కిందికీ కొట్టిందో లెక్కించే కౌంటరును తాళం వేసిన పెట్టెలో బిగించారు. ఎంత నీరు తోడితే అంత లెక్క.

రెండో చిక్కు కాలం. మొదటి ఏడాది గని యజమాని సంతోషంగానే కట్టాడు. పదో ఏడాదికి పాత యంత్రం ఎవరికీ గుర్తులేదు, నెలనెలా కట్టే డబ్బు మాత్రం కళ్లముందు ఉంది. ఈలోగా వేల్స్‌లోని ఆంగ్లెసీ ద్వీపం నుంచి చవక రాగి వచ్చిపడి ధరలు కూలాయి. ఒకప్పుడు లాభంలో వాటాగా తోచింది ఇప్పుడు పన్నులా తోచింది. కొందరు చెల్లింపులు ఆపేశారు, కొందరు పేటెంటును లెక్కచేయకుండా వేరే ఇంజనీర్ల చేత యంత్రాలు కట్టించుకున్నారు. 1790లలో కేసులు సాగి, చివరికి 1799లో బోల్టన్-వాట్ పక్షాన తీర్పు వచ్చింది. మరుసటేడు పేటెంటు గడువే తీరిపోయింది.

ఇప్పుడు మన వైపు వద్దాం. చిలకలూరిపేట, గణపవరం పరిసరాల్లో స్పిన్నింగు మిల్లులు చాలా ఉన్నాయి. అలాంటి ఒక మిల్లును ఊహించుకుందాం. ఇది ఫలానా మిల్లు కథ కాదు, లెక్క కోసం కట్టుకున్నది. అంకెలు మాత్రం ఆ స్థాయి మిల్లు బిల్లులో కనిపించే తరహావే. ఆ మిల్లుకు ఒక ఎలక్ట్రికల్ ఇంజనీరు వచ్చాడు. ఉద్యోగం మానేసి సొంతంగా కన్సల్టింగ్ చేసుకుంటున్నాడు. కరెంటు ఖర్చు తగ్గించాలి, అదీ పని.

కరెంటు బిల్లులో అతనికి రెండు విషయాలు కనపడ్డాయి. మిల్లు నెలకు వాడే కరెంటు 8 లక్షల యూనిట్లు, అవి కిలోవాట్ అవర్లు. కానీ మిల్లుల్లాంటి హెచ్‌టీ వినియోగదారులకు డిస్కం బిల్లు వేసేది ఆ యూనిట్ల మీద కాదు, కేవీఏహెచ్ మీద. మోటారు తిరగాలంటే దాని లోపల అయస్కాంత క్షేత్రం పుట్టాలి, దానికోసం కొంత కరెంటు ఏ పనీ చేయకుండా తీగల్లో అటూ ఇటూ తిరుగుతుంటుంది. కేవీఏహెచ్ మీటరు దాన్ని కూడా కలిపి లెక్కిస్తుంది. పనిచేసిన కరెంటుకూ మొత్తానికీ ఉన్న నిష్పత్తే పవర్ ఫ్యాక్టర్. ఈ మిల్లులో అది 0.92. అంటే 8 లక్షల యూనిట్ల పనికి బిల్లులో పడేది దాదాపు 8 లక్షల 70 వేలు.

మిల్లు వాళ్లకు 0.92 బాగానే తోచింది. ఒకప్పుడు 0.90 దాటితే జరిమానా తప్పేది, ఆ రోజుల అలవాటు ఇంకా పోలేదు. కేవీఏహెచ్ బిల్లింగులో అలాంటి గీత లేదు, ఒకటికి ఎంత తక్కువైతే అంత డబ్బు పోతుంది. పైగా ఈ మధ్య పైకప్పు మీద సోలార్ పెట్టిన మిల్లుల్లో ఇది మరీ ఎక్కువ. సోలారు వల్ల గ్రిడ్డు నుంచి తీసుకునే పనికొచ్చే కరెంటు తగ్గుతుంది, పనిచేయని కరెంటు మాత్రం అంతా గ్రిడ్డు నుంచే వస్తుంది. అలా బిల్లు మీది పవర్ ఫ్యాక్టర్ దిగిపోతుంది. సోలార్ పెట్టాక అనుకున్నంత మిగలడం లేదని గొణిగే యజమానుల్లో కొందరికి అసలు కారణం ఇదే.

కెపాసిటర్ ప్యానెల్ సరిగా ఉంటే పవర్ ఫ్యాక్టర్‌ను 0.99కి తేవచ్చు. అప్పుడు బిల్లులో పడేది 8 లక్షల 8 వేలు. నెలకు 61 వేలకు పైగా యూనిట్లు మిగులుతాయి. యూనిట్ 6 రూపాయల 30 పైసల చొప్పున చూస్తే 3 లక్షల 87 వేల రూపాయలు.

రెండోది కాంట్రాక్ట్ డిమాండ్, మిల్లు వాళ్లు సీఎండీ అంటారు. మిల్లు 2,000 కేవీఏకి ఒప్పందం చేసుకుంది. నిజంగా నెలలో ఎక్కువలో ఎక్కువ వాడింది 1,450. కానీ ఒప్పందంలో 80 శాతం, వాడిన గరిష్ఠం, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దానికి కట్టాలి. అంటే 1,600కి కడుతున్నారు. పవర్ ఫ్యాక్టర్ బాగుపడితే గరిష్ఠం కూడా 1,350 దగ్గరికి దిగుతుంది. ఒప్పందాన్ని 1,700కి తగ్గించుకుంటే 1,360కే కట్టవచ్చు. కేవీఏకి నెలకు 475 రూపాయలు వేసుకుంటే 1 లక్షా 14 వేలు మిగులు.

రెండూ కలిపి నెలకు 5 లక్షలు, ఏడాదికి 60 లక్షలు. ప్యానెల్‌కు అయ్యేది ఒకసారి 8 లక్షల చిల్లర. ఇంజనీరు పని చూస్తే మిల్లులో రెండు రోజుల కొలతలు, ఇంట్లో లెక్కలు, ప్యానెల్ బిగించే రోజున దగ్గరుండటం, డిస్కంకు దరఖాస్తు. అంతా కలిపి 40 గంటలు. గంటకు 2,000 చొప్పున 80 వేలు అవుతుంది. ఇదే పని తెలియనివాడు 100 గంటలు చేస్తే 2 లక్షలు వసూలు చేస్తాడు. గంటల పద్ధతిలోని తిరకాసు ఇదే: పని వచ్చేకొద్దీ జీతం తగ్గుతుంది.

ఇక్కడే చాలామంది తొందరపడతారు. 60 లక్షల లాభం కనపడగానే అందులో సగం అడగవచ్చని, కనీసం బోల్టన్-వాట్‌లా మూడో వంతైనా అడగవచ్చని అనుకుంటారు. అక్కడ పేటెంటు ఉంది. ఆ యంత్రం కావాలంటే ఆ ఇద్దరి దగ్గరికే వెళ్లాలి. చిలకలూరిపేటలో కెపాసిటర్ ప్యానెళ్లు అమ్మే డీలరు ఉన్నాడు, అతను ఉచితంగా వచ్చి చూసి కొటేషన్ ఇస్తాడు. మన ఇంజనీరు పోల్చుకోవాల్సింది ఖాళీతో కాదు, ఆ డీలరుతో.

ధరల శాస్త్రం మీద రాసినవాళ్లలో థామస్ నాగిల్ పేరు చాలామంది చెబుతారు. 1987లో వచ్చిన ఆయన పుస్తకంలోని ముఖ్యమైన ఆలోచన ఇదే: కొనేవాడికి దొరికే తర్వాతి మంచి దారి ఏమిటో ముందు చూడు, దానికంటే నువ్వు అదనంగా ఇచ్చేదే నీ విలువ. మన మిల్లులో డీలరు వచ్చి నాలుగు కెపాసిటర్లు పెంచితే పవర్ ఫ్యాక్టర్ 0.96 దాకా వస్తుందనుకుందాం. నెలకు 2 లక్షల 28 వేలు మిగులుతాయి. సీఎండీ జోలికి అతను పోడు. అంటే మన ఇంజనీరు వల్ల అదనంగా మిగిలేది నెలకు 2 లక్షల 73 వేలు, ఏడాదికి 33 లక్షల లోపు. అందులోనూ అన్నీ అనుకున్నట్టు జరగవు. 0.99 బదులు 0.98 దగ్గరే ఆగవచ్చు, సీఎండీ తగ్గింపు ఆలస్యం కావచ్చు. వాటికి కొంత కోసేస్తే 25 లక్షలు ధైర్యంగా చెప్పగల అంకె. దాని మీద ఐదో వంతు, 5 లక్షలు అడిగితే, యజమానికి మొదటి ఏడాదే పెట్టినదానికి ఐదింతలు వస్తుంది. అమెరికా కన్సల్టెంట్ అలన్ వైస్ పదింతలు చూపించమంటాడు. ఆ లెక్కన రెండున్నర లక్షలు. రెండు చివరలూ ఇవే, మధ్యలో ఎక్కడ ఆగాలన్నది ఎదురుగా కూర్చున్న మనిషిని బట్టి. నా మటుకు 5 లక్షలు అడగడంలో తప్పు లేదనిపిస్తుంది, ఎందుకంటే రెండో ఏడాది నుంచి వచ్చేదంతా మిల్లుకే.

డీలరు కంటే ఇతను అదనంగా ఇచ్చేది ఏమిటో మిల్లుకు అర్థం కావాలి, లేకపోతే ఈ లెక్క కాగితం మీదే ఉండిపోతుంది. స్పిన్నింగు మిల్లులో ఇప్పుడు డ్రైవులు ఎక్కువ. అవి కరెంటు తరంగాన్ని వంకర చేస్తాయి, వాటినే హార్మోనిక్స్ అంటారు. రియాక్టర్లు లేకుండా బిగించిన కెపాసిటర్లు ఆ హార్మోనిక్స్‌కు వేడెక్కి, ఉబ్బి, ఒక్కొక్కటీ పోతాయి. ప్యానెల్ బయటికి లైట్లు వెలుగుతూనే ఉంటాయి, లోపల సగం కెపాసిటర్లు చచ్చి ఉంటాయి. క్లాంప్ మీటరు పెట్టి ఒక్కో కెపాసిటర్ ఎంత కరెంటు తీసుకుంటోందో చూస్తే ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది. మిల్లు వాళ్ల కళ్లముందే ఆ ఐదు నిమిషాల పరీక్ష చేసి చూపించిన ఇంజనీరు, ధర మాట వచ్చినప్పుడు ఎక్కువ మాట్లాడనక్కర్లేదు.

ధర కంటే ముందు మాట్లాడవలసినవి ఉన్నాయి. నిజానికి ఈ పద్ధతిలో కష్టమంతా ఆ మాటల్లోనే ఉంది. సీఎండీ 2,000 ఎందుకు పెట్టుకున్నారు? ముందు ముందు స్పిండిల్స్ పెంచే ఆలోచన ఉందా? ఉంటే సీఎండీ తగ్గించడం లాభం కాదు, వచ్చే ఏడాది మళ్లీ పెంచుకోవడానికి అయ్యే ఖర్చు. సోలార్ పెంచుతున్నారా? కరెంటు బిల్లు ఎవరు చూస్తారు, అకౌంటెంటా, ఎలక్ట్రీషియనా, యజమానా? నెలకు 5 లక్షలు మిగిలితే ఆ డబ్బుతో ఏం చేస్తారు? చివరి ప్రశ్న కాలక్షేపానికి అడిగేది కాదు. లాభం అంకె యజమాని నోటి నుంచి రావాలి. ఇంజనీరు చెబితే అది అమ్మేవాడి మాట, యజమాని చెబితే అది లెక్క.

ఇన్ని మాట్లాడాక కూడా ఒక ప్రశ్న వస్తుంది.

“నాలుగైదు రోజుల పనికి ఐదు లక్షలా అండీ?”

“మీరు రోజులు కొంటే ఎనభై వేలేనండి, ఆ ధరకు మనుషులు దొరుకుతారు. కానీ పవర్ ఫ్యాక్టర్ పెరగకపోతే ఆ ఎనభై వేలూ పోయినట్టే. నేను బిల్లు తగ్గే దాకా ఉంటాను. తగ్గింపు ఇంతకు తక్కువైతే రెండో సగం నాకు ఇవ్వకండి.”

ఈ చివరి మాట అనగలిగినవాడే ఈ పద్ధతిలోకి దిగాలి. ధరలో పెరిగిన భాగం ఎక్కువగా నమ్మకాన్ని, రిస్కును మోసినందుకు వచ్చేది. రిస్కు మిల్లు మీదే వదిలేసి లాభంలో వాటా అడిగితే ఏ యజమానీ ఒప్పుకోడు, ఒప్పుకోకూడదు కూడా.

ఒకటే ధర చెప్పకుండా రెండు మూడు దారులు పెట్టడం ఈ పనిలో ఉన్నవాళ్ల అలవాటు, అది పనికొచ్చే అలవాటే. రిపోర్టు మాత్రం కావాలంటే లక్షన్నర. అందులో ఎన్ని కేవీఏఆర్ కెపాసిటర్లు, ఎలాంటి రియాక్టర్లు అన్నది రాసి ఉంటుంది, కొనుక్కుని బిగించుకునేది మిల్లే. బిగించి, సీఎండీ దరఖాస్తు చేయించి, తర్వాతి మూడు నెలల బిల్లులు చూసే దాకా అయితే 5 లక్షలు. ముందు 2 లక్షలే తీసుకుని, 12 నెలలు పవర్ ఫ్యాక్టర్ వల్ల మిగిలిన దాంట్లో పదో వంతు, గరిష్ఠంగా మరో 5 లక్షలు అన్నది మూడో దారి. మూడోదానిలో మొత్తం ఎక్కువ అవుతుంది, ఎందుకంటే అక్కడ రిస్కు ఇంజనీరుది. ధర గట్టిగా బేరమాడే యజమానికి తగ్గింపు ఇవ్వకూడదు, పని తగ్గించి మొదటి దారి చూపించాలి. 5 లక్షల పనిని 3 లక్షలకు ఒప్పుకున్నవాడు మరుసటి మిల్లులో ఎంత చెప్పినా నమ్మేవాళ్లుండరు, ఆ ఊళ్లో మిల్లుల వాళ్లంతా ఒకరికొకరు తెలుసు.

వాటా పద్ధతి ఎంచుకుంటే కార్న్‌వాల్ పాఠాలు ఇక్కడ పనికొస్తాయి. పాత ప్రమాణం ముందే రాసుకోవాలి: గత 12 నెలల సగటు పవర్ ఫ్యాక్టర్ 0.92. ఆ తర్వాత ప్రతి నెలా బిల్లులోని కిలోవాట్ అవర్లను 0.92తో భాగించి, అందులోంచి అదే బిల్లులోని కేవీఏహెచ్ తీసేస్తే మిగిలిన యూనిట్లు తేలిపోతాయి. మిల్లు ఆ నెల మూడు షిఫ్టులు నడిచినా, నూలు ధర పడిపోయి ఒక షిఫ్టే నడిచినా ఈ లెక్క దానంతట అదే సర్దుకుంటుంది. ‘గత ఏడాది బిల్లు కంటే ఎంత తగ్గింది’ అని రాసుకున్నవాళ్లు మాత్రం తగాదా పడతారు. ఉత్పత్తి తగ్గితే బిల్లు ఎలాగూ తగ్గుతుంది, దానికి వాటా అడిగితే యజమానికి ఒళ్లు మండుతుంది. ఉత్పత్తి పెరిగితే ఇంజనీరుకు ఏమీ రాదు. మధ్యలో మిల్లు సోలార్ పెంచితే 0.92 అనే ప్రమాణం చెల్లదని, అప్పుడు ఏం చేయాలో కూడా ఒక వాక్యం రాసుకోవాలి. వాట్‌కు తాళం పెట్టె కావాల్సి వచ్చింది, మనకు డిస్కం మీటరే ఆ పెట్టె. గడువు 12 నెలలే. బోల్టన్-వాట్ కూడా తర్వాత మిల్లులను తిప్పే యంత్రాలకు బొగ్గు ఆదా లెక్క మానేసి, గుర్రపు శక్తికి ఏటా ఇంత అని నిర్ణీత రుసుముకు మారారు.

ఒప్పందంలో ఇంకో వాక్యం నా దృష్టిలో తప్పనిసరి. ప్యానెల్ డీలరు దగ్గర ఇంజనీరు కమీషన్ తీసుకోడు. ఈ రంగంలో ఆ కమీషన్ మామూలే, చాలామంది తక్కువ ఫీజు చెప్పి అక్కడ రాబట్టుకుంటారు. మిల్లు లాభాన్ని బట్టి ధర అడిగినవాడు అటు నుంచి కూడా తీసుకున్నాడని తెలిస్తే ఆ జిల్లాలో మళ్లీ పని దొరకదు.

అన్ని వృత్తులకూ ఈ దారి తెరిచి లేదు. చార్టర్డ్ అకౌంటెంట్లు లాభంలో శాతంగా గానీ, ఫలితం మీద ఆధారపడేట్టు గానీ ఫీజు తీసుకోవడాన్ని 1949 నాటి వారి చట్టం కొన్ని మినహాయింపులతో నిషేధిస్తుంది. లాయర్లు కేసు గెలిస్తే వచ్చేదాంట్లో వాటా పుచ్చుకోవడాన్ని బార్ కౌన్సిల్ నియమాలు ఒప్పుకోవు. ముందే నిర్ణయించిన ఫీజును పని విలువను చూసి చెప్పడానికి వాళ్లకు అడ్డు లేదు, ఫలితానికి ముడిపెట్టడమే కుదరదు. ప్రభుత్వ టెండర్లలో తక్కువ కోట్ చేసినవాడికే పని దక్కే చోట ఈ లెక్క చెప్పినా వినేవాళ్లుండరు. ఇంధన ఆదా రంగంలో మాత్రం వాటా పద్ధతి స్థిరపడింది, ఎస్కో కంపెనీలు చేసేది అదే.

అన్నిటికంటే ముందు, లాభం నిజంగా పెద్దదో కాదో చూసుకోవాలి. అదే ఇంజనీరు పక్క వీధిలోని చిన్న జిన్నింగు మిల్లుకు వెళితే అక్కడ కరెంటు వాడకం నెలకు 30 వేల యూనిట్లు, అదీ పత్తి వచ్చే కొన్ని నెలలే. పవర్ ఫ్యాక్టర్ 0.92 నుంచి 0.99కి తెచ్చినా నెలకు మిగిలేది పద్నాలుగు పదిహేను వేలు. అక్కడ డీలరును పిలిపించుకోమని చెప్పి, రియాక్టర్లు ఉన్న ప్యానెలే తీసుకోమని ఒక కాగితం మీద రాసిచ్చి, రోజు కూలి తీసుకుని రావడమే సరైన ధర.